పాప బీటెక్‌కి ఎంత కూడబెట్టాలి?

"మాది గాజువాక. పాపకి 8 ఏళ్లు. ఇప్పుడు బీటెక్ ఖర్చు ఏడాదికి 3 లక్షలు, నాలుగేళ్లకి 12. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి. మిగతా 8 లక్షలు పెంచి లెక్కేస్తే సరిపోతుందా?"

సరిపోదండీ. ఈరోజే 12 లోంచి 4 లక్షలు తీసేసి లెక్కేస్తే, ఆ డబ్బు కూడా ఫీజులంత వేగంగా పెరుగుతుందని ఒప్పుకున్నట్టే. ఫీజు 10 శాతం చొప్పున పెరుగుతుందనుకుందాం, ఎఫ్‌డీ 7 దగ్గరే ఆగుతుంది. అందుకే రెండూ విడిగా పెంచాలి.

పదేళ్ల తర్వాత మొదటి ఏడాది ఫీజు 7.78 లక్షలు. అక్కడితో ఆగదు, నాలుగో ఏడాదికి 10.36 అవుతుంది. నాలుగూ కలిపితే 36.1 లక్షలు. అయితే అంతా మొదటిరోజే కట్టం కదా, మిగిలినది 7 శాతానికి ఎఫ్‌డీలో ఉంచితే చేరే రోజుకి 32.46 లక్షలు చాలు. మీ 4 లక్షలు అప్పటికి 7.87 అవుతాయి. లోటు 24.59 లక్షలు. మీ పద్ధతిలో 20.75 మాత్రమే వచ్చేది.

సిప్‌లో 10 శాతం వస్తే నెలకి సుమారు 12,000 కట్టాలి. ఎక్సెల్‌లో ఇలా చూసుకోండి:

```
=PMT(10%/12,120,0,-2459000)
```

ఎఫ్‌డీ వడ్డీపై మీకు పన్ను పడితే 7 బదులు చేతికొచ్చే శాతమే వేయండి. 5.6 అయితే ఆ 4 లక్షలు 6.9 దగ్గరే ఆగుతాయి, చదువు నాలుగేళ్లకీ అదే శాతం వేస్తే లోటు మొత్తం ఇంకో 1.64 లక్షలు పెరుగుతుంది.