నోటు వెనక ఉన్న చెల్లు కింద సంతకం ఎవరిదో ముందు చూడండి

ప్రశ్న: మా పెదనాన్నగారి అబ్బాయికి 3 లక్షలు ఇచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నాం. నోటు తేదీ 2022 జూన్ 10. మధ్యలో 2024 నవంబరు 20న 25 వేలు ఇచ్చాడు, అది నోటు వెనక రాసి ఉంది. ఇప్పుడు అడిగితే మూడేళ్ళు దాటిపోయింది, నోటు చెల్లదు అంటున్నాడు. నిజంగా మా హక్కు పోయినట్టేనా? లాయరు నోటీసు పంపితే సరిపోతుందా?

జవాబు:

ఈ మెసేజ్ చదవడం కాసేపు ఆపి, బీరువాలోంచి ఆ నోటు తీసి వెనక్కి తిప్పండి. 25 వేలు ఇచ్చినట్టు రాసిన చోట, దాని కింద, మీ అన్నయ్య సంతకం ఉందా? ఉంటే నోటు బతికే ఉంది. 2024 నవంబరు 20 నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క, అంటే 2027 నవంబరు 20 దాకా దావా వేయొచ్చు. ఆ మాటలు మీరే రాసుకుని ఆయన చేత సంతకం పెట్టించుకోకపోతే మాత్రం గడువు 2025 జూన్ 10తోనే అయిపోయింది. మా ఇంట్లో జరిగింది ఈ రెండోదే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా నాన్నగారు ఊళ్ళో బాగా తెలిసినాయనకి 2 లక్షలు ఇచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నోటు 2016 జూన్ 14న రాశారు. స్టాంపు, ఇద్దరు సాక్షులు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. 2018 మార్చిలో పంట డబ్బులు వచ్చాయని ఆయన 20 వేలు తెచ్చి మా అరుగు మీద కూర్చుని లెక్కపెట్టి ఇచ్చాడు. నాన్నగారు నోటు తిప్పి నీలం సిరా పెన్నుతో "20,000 ముట్టినవి" అని రాసి తేదీ వేశారు. ఎదుటే ఉన్న మనిషి చేతికి పెన్ను ఇవ్వలేదు. ఇంటికొచ్చి డబ్బు కట్టిన మనిషిని సంతకం అడగడం మర్యాద కాదనిపించిందట.

ఆ తర్వాత దసరా అన్నాడు, సంక్రాంతి అన్నాడు, పొలం అమ్మకానికి పెట్టానన్నాడు. 2019 సెప్టెంబరులో నాన్నగారు నోటు పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్ళారు. ఆయన ముందు పక్క చూడనేలేదు, వెనక్కి తిప్పి వెలుతురులో పట్టుకుని చూసి, "ఈ చెల్లు కింద ఆయన సంతకం ఏదండీ?" అన్నారు. అడిగినప్పుడు కడతానని రాసే ఇలాంటి డిమాండు నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. రాసిన రోజును లెక్కలోకి తీసుకోరు కాబట్టి ఆఖరి రోజు 2019 జూన్ 14. మేం మూడు నెలలు ఆలస్యంగా వెళ్ళాం.

లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, బాకీ తీసుకున్నవాడు గడువులోపు అసలులో గానీ వడ్డీలో గానీ కొంత కడితే, కట్టిన రోజు నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. కానీ కట్టిన సంగతి ఆయన చేతిరాతలోనో, ఆయన సంతకం ఉన్న కాగితంలోనో ఉండాలి. ఇచ్చినవాడు తన పుస్తకంలోనో నోటు వెనకో రాసుకున్నది అందుకు పనికిరాదు. పనికొస్తే ఎవరికి వాళ్ళు తేదీలు వేసుకుని నోట్లను పదేళ్ళు బతికించుకోవచ్చు కదా.

నాన్నగారు ఊరుకోలేక ఇంకో వకీలు చేత దావా వేయించారు. అవతలాయన కోర్టుకే రాలేదు, లాయరునూ పెట్టుకోలేదు. కేసు గెలిచేశాం అనుకున్నాం. జడ్జిగారు నోటు తెప్పించుకుని అదే ప్రశ్న అడిగి దావా కొట్టేశారు. 3వ సెక్షన్ అలా ఉంది. గడువు దాటిందని అవతలివాళ్ళు అనకపోయినా కోర్టు తనంతట తాను చూసి కొట్టేయాల్సిందే. ఒంట్లో బాగోలేదు, చుట్టరికం అడ్డొచ్చింది అని ఆలస్యం మాఫీ అడిగే వీలు కూడా అసలు దావాకు లేదు. ఆ 5వ సెక్షన్ అప్పీళ్ళకూ కొన్ని పిటిషన్లకూ మాత్రమే. కోర్టు ఫీజు, లాయరు ఫీజు మా చేతి నుంచే పోయాయి.

హక్కు పోయినట్టేనా అని అడిగారు. అప్పు విషయంలో బాకీ మాసిపోదు, కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత కూడా ఆయన మనసు మారి కట్టాడనుకోండి, అది మీ సొమ్మే, గడువు దాటాక కట్టానని తిరిగి అడగలేడు. స్థలం, పొలం సంగతి వేరు. ఇంకొకరు మీ స్థలంలో మీకు వ్యతిరేకంగా సొంతదారుగా పన్నెండేళ్ళు ఉండిపోయి, మీరు స్వాధీనం కోసం దావా వేయకపోతే, 27వ సెక్షన్ కింద మీ హక్కే చచ్చిపోతుంది. విదేశాల్లో ఉండి ఊళ్ళో స్థలం చూసుకోనివాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక నోటీసు. రిజిస్టర్ పోస్టులో లాయరు నోటీసు పంపినంత మాత్రాన గడువు ఒక్క రోజు కూడా ఆగదు. ఇది చాలామందికి తెలియదు, నోటీసు పంపేసి నిశ్చింతగా కూర్చుంటారు. అయితే గడువు ఉండగానే ఆయన దానికి జవాబిస్తూ "బాకీ ఉన్నమాట నిజమే, కాస్త టైం కావాలి" అని రాసి సంతకం పెడితే, 18వ సెక్షన్ కింద ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. ఫోనులో "ఇస్తాలే" అన్నది దీనికి సరిపోదు, సంతకం ఉన్న రాత ఉండాలి. గడువు దాటాక రాసిచ్చిన ఒప్పుకోలు కూడా ఈ సెక్షన్ కిందికి రాదు.

మీ నోటు వెనక ఆయన చేతిరాత గానీ సంతకం గానీ లేకపోతే మిగిలిన దారి ఒక్కటే. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం, కాలదోషం పట్టిన బాకీని కడతానని ఆయన కొత్తగా రాసి సంతకం పెడితే అది చెల్లుతుంది. కాబట్టి పెద్దమనిషిని ఒకరిని కూర్చోబెట్టి, అసలూ వడ్డీ లెక్క తేల్చి, స్టాంపు అంటించి కొత్త నోటు రాయించుకోండి. పాత బాకీ ఉందని ఒప్పుకుంటే చాలదు, కడతానన్న మాట అందులో ఉండాలి. మేమూ అడిగాం. ఆయన బాకీ లేదనలేదు గానీ, సంతకం మాత్రం పెట్టలేదు.

ఇంకొక మాట. ఎవరైనా "వెనక సంతకం మనమే పెట్టేద్దాం" అని సలహా ఇస్తే వాళ్ళ మాట వినకండి. ఆ సంతకం నాది కాదని ఆయన అంటే నిపుణుడికి పంపి పోల్చి చూస్తారు. అప్పుడు డబ్బు రాకపోగా ఫోర్జరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

సంతకం ఉంటే మాత్రం 2027 నవంబరు దాకా ఆగొద్దు. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు వేయొచ్చని చట్టం చెబుతుంది గానీ, అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు? నోటుకు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకుని, అసలు కాగితంతో ఈ వారంలోనే మీ ఊరి కోర్టులో వకీలును కలవండి. ఈలోపు ఆయన మళ్ళీ ఎంతో కొంత ఇస్తానంటే తీసుకోండి. ఫోన్‌పేలో పంపినా సరే, నోటు వెనక తేదీ, మొత్తం ఆయన చేతే రాయించి సంతకం పెట్టించండి. పెన్ను మీరే అందించండి.