పాత అరెస్టు వార్తలో పేరు తీసేముందు

చిన్నీ,

వెబ్ డెస్క్ నీ చేతికొచ్చిందని మీ నాన్న చెబితే గర్వంగా అనిపించింది. మొదటి వారమే "నన్ను కోర్టు విడిచిపెట్టింది, నా అరెస్టు వార్త తీసేయండి" అని ఒకాయన వచ్చాడనగానే గుండెల్లో రాయి పడింది.

తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకో, కేసు నంబరు ఈ-కోర్ట్స్‌లో కొట్టి చూడు, అప్పీలు పెండింగులో ఉందేమో అడుగు. ఫోన్‌లో మాత్రం మాటివ్వకు.

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక ఊరి సొసైటీ కార్యదర్శిని నిధుల కేసులో అరెస్టు చేస్తే ఫొటోతో సహా వేశాం. ఆరేళ్లకు కేసు కొట్టేశారు. ఆ వార్త మాత్రం ఎవరం వేయలేదు. తీర్పు కాపీ పట్టుకుని ఆయన వస్తే కథనంలో పేరు కొట్టేసి, "ఫలానా ఊరి సొసైటీ కార్యదర్శి" అని ఉంచి, గొప్ప పని చేసినట్టు పంపించేశాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. "తీసేశాం కదండీ" అన్నాను. మాట్లాడకుండా ఫోన్‌లో తన పేరు ఇంగ్లీషులో కొట్టి నా చేతిలో పెట్టాడు. మొదటి లింకు మాదే. హెడ్డింగులో పేరు లేదు గానీ లింకులో ఉంది. ఫొటో ఫైలు పేరులోనూ ఉంది. అయినా ఊరికి సొసైటీ ఒకటే, కార్యదర్శి ఒకడే. పేరు తీసి నేను దాచిందేముంది?

అందుకని ఊరు, ఉద్యోగం, తండ్రి పేరు కూడా తీసి "జిల్లాకు చెందిన ఒక ఉద్యోగి" అని రాయి. ఫొటో తీసెయ్. లింకు మార్పించి పాతది మూయించు. పాత దాన్నుంచి కొత్తదానికి దారి పెడితే, ఎక్కడెక్కడో పంచుకున్న పేరున్న లింకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ-పేపర్ జిల్లా పేజీ, యూట్యూబ్ క్లిప్, ఫేస్‌బుక్ పోస్టు మర్చిపోకు. గూగుల్‌లో పాత ముక్కలు ఇంకా కనిపిస్తుంటే, వాటిని తాజా చేయమని అడిగే ఫారం వాళ్లే పెట్టారు.

కథనం మొత్తం మాయం చెయ్యకు తల్లీ. నా భయమంతా అక్కడే. ఇవాళ ఈయనకు తీసేస్తే, రేపు కేసు నడుస్తుండగానే ఎమ్మెల్యే మనిషి వచ్చి కూర్చుంటాడు. అసలు ప్రతి లోపల భద్రంగా ఉంచి, పైన తేదీతో ఒక గమనిక పెట్టు: "ఈ కేసును కోర్టు కొట్టివేసింది, అందువల్ల వ్యక్తి వివరాలు తొలగించాం." అరెస్టు నిజమే కాబట్టి "తప్పుడు వార్త" అని రాయకు.

చట్టం చూసుకుందాంలే అనుకోకు. 2021లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా బయటపడ్డ ఒకాయన తీర్పును గూగుల్ వెతుకులాటలో కనపడకుండా చేయమంది. 2024లో మద్రాసు హైకోర్టు అలాంటి తీర్పునే తీర్పులు పెట్టే ఒక సైటు నుంచి తీసేయమంటే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అదీ పరిస్థితి. ఎడిటర్‌తో కూర్చుని నిర్ణయించి, కారణం రాసి ఫైల్లో పెట్టు.

ఆయనకు "అయిపోయింది" అని చెప్పేముందు ఆఫీసు కంప్యూటర్లో కాదు, వేరే ఎవరి ఫోన్లోనైనా ఆయన పేరు కొట్టి చూడు. తెలుగులోనూ, మూడు నాలుగు ఇంగ్లీషు స్పెల్లింగుల్లోనూ.

మీ పెదనాన్న