కేస్ షీటులో ఏది ముందు, ఏది వెనుక

అన్నానగర్, చెన్నై

చి. సౌమ్యకు ఆశీస్సులు.

నువ్వు పంపిన కేస్ షీటు చదివాను. సూళ్ళూరుపేట నుంచి లోకల్ ట్రైనులో వచ్చి మీ వార్డులో చేరిన ముప్ఫై రెండేళ్ళావిడది. అడగాల్సినవన్నీ అడిగావు, చూడాల్సినవన్నీ చూశావు. కానీ ఇది మైట్రల్ స్టెనోసిస్ అని నాకు మూడో పేజీలో గానీ తట్టలేదు. పరీక్షలో అంతసేపు ఎవరూ ఆగరు.

కాళ్ళ వాపు పది రోజులు, గుండె దడ మూడు నెలలు, ఆయాసం రెండేళ్ళు అని రాశావు. ఆవిడ ఆ వరుసలోనే చెప్పి ఉంటుంది, ఎవరికైనా నిన్నటి బాధే ముందు నోటికొస్తుంది. షీటులో దాన్ని తిరగేసి రాయి. ముందు ఆయాసం, తర్వాత దడ, చివర వాపు. అప్పుడు జబ్బు నడిచిన దారి కనిపిస్తుంది. వాల్వు సన్నబడి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగితే ఆయాసం, సాగిపోయిన ఎడమ కర్ణిక లయ తప్పితే దడ, కుడి గుండె కూడా చేతులెత్తేస్తే వాపు. ఈ మూడు లైన్లు చదివేసరికే ఎగ్జామినర్ మనసులో సగం డయాగ్నసిస్ పడిపోవాలి.

ఆయాసం "గ్రేడ్ 2 నుంచి 3కి పెరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. గ్రేడు నువ్వు కట్టిన లెక్క, ఆవిడ చెప్పిన మాట కాదు. రెండేళ్ళ కిందట స్టేషన్ మెట్లు ఎక్కితే రొప్పు వచ్చేది, ఇప్పుడు స్నానానికి బకెట్ నీళ్ళు మోసుకున్నా వస్తోంది, రాత్రి రెండు దిండ్లు లేనిదే పడుకోలేదు. ఇది రాసి, పక్కన గ్రేడు వెయ్యి.

లేని లక్షణాలకు సగం పేజీ ఇచ్చావు. ఈ కేసులో మూడు చాలు: జ్వరం లేదు, కాలూచేయీ పడిపోవడం గానీ మాట తడబడటం గానీ లేదు, దగ్గితే రక్తం పడలేదు. మొదటిది ఎండోకార్డైటిస్ కోసం, రెండోది కర్ణికలోంచి గడ్డ ఎగిరిపోయిందేమో అని, మూడోది ఊపిరితిత్తుల ఒత్తిడి కోసం. ఎందుకు రాశావంటే చెప్పలేని "లేదు" ఏదైనా కొట్టెయ్.

చిన్నప్పుడు మోకాలు వాచి, అది తగ్గాక చీలమండకు పాకిన నొప్పులు, మూడు వారాలకోసారి వేసి పెళ్ళయ్యాక మానేసిన పెన్సిలిన్ ఇంజెక్షన్లు, ఇవన్నీ గత చరిత్రలోకి పోవాలి. వాటితోనే కథ మొదలుపెట్టమనే ప్రొఫెసర్లూ ఉన్నారు. నాకది నచ్చదు, ముందే జవాబు చెప్పేసి ప్రశ్న అడిగినట్టుంటుంది.

ఇక అసలు తంటా. నాడి పూర్తిగా క్రమం తప్పి ఉంది, మణికట్టు దగ్గర 96, గుండె దగ్గర 112 అని రాశావు. బాగుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై పేజీలో అదే మనిషికి మెడ సిరలో "ఎ" వేవ్ ప్రముఖంగా ఉందనీ, మర్మర్ చివర ప్రీసిస్టాలిక్ యాక్సెంచుయేషన్ వినిపించిందనీ రాశావు. కర్ణిక సరిగ్గా ముడుచుకుంటేనే ఆ రెండూ వస్తాయి. ఫిబ్రిలేషన్‌లో "ఎ" వేవ్ ఉండదు, ఆ యాక్సెంచుయేషన్ కూడా పోతుందనే చెబుతారు. అవి నీ చెవీ కన్నూ పట్టినవి కావు, పుస్తకంలోంచి దిగినవి. నాడి దగ్గర రాసినదాన్ని గుండె దగ్గర రాసినదానితో పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇలాంటివి నీకే దొరికిపోతాయి.

సమ్మరీ ఇంతే ఉండాలి:

"ముప్ఫై రెండేళ్ళ స్త్రీ. రెండేళ్ళుగా పెరుగుతున్న ఆయాసం, మూడు నెలలుగా దడ, పది రోజులుగా కాళ్ళ వాపు. బాల్యంలో ఒక కీలు నుంచి మరో కీలుకు పాకిన నొప్పులు. నాడి పూర్తిగా అక్రమం, పల్స్ డెఫిసిట్ 16. మెడ సిర ఉబ్బింది. మొదటి శబ్దం గట్టిగా, పి2 గట్టిగా, ఓపెనింగ్ స్నాప్, ఏపెక్స్‌లో మిడ్ డయాస్టాలిక్ మర్మర్."

ఇందులో జబ్బు పేరు రాకూడదు. పేరు దాని కింద, ఈ వరుసలో: రుమాటిక్ గుండె జబ్బు, మైట్రల్ స్టెనోసిస్, పల్మనరీ హైపర్‌టెన్షన్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, హార్ట్ ఫెయిల్యూర్, ఎన్‌వైహెచ్‌ఏ మూడో తరగతి, ఎండోకార్డైటిస్, ఎంబోలిజం సూచనలు లేవు. కారణం, చోటు, పర్యవసానం, మనిషి ఓపిక, చివర కాంప్లికేషన్లు. పరీక్షలో ఇంగ్లీషులోనే రాస్తావనుకో, వరుస మాత్రం మారదు.

డిశ్చార్జ్ సమ్మరీ అడిగితే దీన్ని తలకిందులు చెయ్యాలి. డయాగ్నసిస్ మొట్టమొదట రావాలి, ఎందుకంటే చదివేది సూళ్ళూరుపేటలోని డాక్టరు, ఆయనకు ఊహించుకునే తీరిక లేదు. వార్డులో ఏ రోజు ఏమిచ్చారో రోజువారీ డైరీ వద్దు. ఏ మందు కొత్తగా మొదలైంది, ఏది ఆపారు, ఎందుకు అన్నదే కావాలి. వార్ఫరిన్ దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు: ఇంటికెళ్ళే రోజు డోసు, ఆ రోజు ఐఎన్ఆర్, అందుకోవాల్సింది 2 నుంచి 3, మళ్ళీ రక్తపరీక్ష ఏ తేదీన, రిపోర్టు ఎవరికి చూపించాలి. గర్భం దాల్చే వయసు కనుక, నెల తప్పితే వెంటనే రమ్మని కూడా అక్కడే రాయి. నీ సమ్మరీలో "వార్ఫరిన్ కొనసాగించాలి" అని మాత్రమే ఉంది.

షీటు తిరగరాసి ఆదివారం లోపు పంపు. రెండు పేజీలు దాటితే చదవను.

ఆశీస్సులతో,
మీ మావయ్య