ర్యాంకు చూసి సమీకరణాలకు సాధన ఉందో లేదో ఎలా చెప్పాలి?

ప్రశ్న: బీటెక్ ఫస్టియర్ చదువుతున్నాను. మాత్రిక ర్యాంకు కట్టడం వచ్చు. కానీ ఆ ర్యాంకు పట్టుకుని సాధన ఒకటే ఉందా, అనంతంగా ఉన్నాయా, అసలు లేదా అని చెప్పాల్సి వస్తే తికమకపడుతున్నాను. λ, μ ఉన్న లెక్కలైతే టెన్షనే. ఎవరైనా వివరంగా చెప్తారా?

జవాబు: నేను ఇంజనీరింగ్ ఫస్టియర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. మీ తికమక నాకు బాగా తెలిసినదే. ర్యాంకు ఒక పాఠం, సమీకరణాల సాధన ఇంకో పాఠం అన్నట్టు చదవడం వల్లే ఇది వస్తుంది. నిజానికి చేసే పని ఒక్కటే. ఒక్కసారి ఎలిమినేషన్ చేస్తే రెండింటికీ జవాబు అక్కడే కనిపిస్తుంది.

ర్యాంకు అంటే ఆ సమీకరణాల్లో నిజంగా కొత్త విషయం చెప్పేవి ఎన్ని అని. మూడు సమీకరణాలు రాసి ఉన్నా, మూడోది మొదటి రెండింటిని కలిపితే వచ్చేదే అయితే మన దగ్గర ఉన్న సమాచారం రెండే. ఈ లెక్క తీసుకోండి:

```
 x + 2y +  z = 4
2x + 5y + 4z = 11
 x + 4y + λz = μ
```

గుణకాల మాత్రిక A పక్కనే కుడివైపు సంఖ్యలను కూడా రాసి, మధ్యలో గీత గీయండి. ఇదే ఆగ్మెంటెడ్ మాత్రిక [A | B]. A ర్యాంకు విడిగా, [A | B] ర్యాంకు విడిగా రెండుసార్లు కట్టనక్కర్లేదు. అడ్డు వరుసల మీద R₂ → R₂ − 2R₁, R₃ → R₃ − R₁ చేసి, ఆ తర్వాత R₃ → R₃ − 2R₂ చేస్తే ఇలా మిగులుతుంది:

```
1  2   1   |  4
0  1   2   |  3
0  0  λ−5  | μ−10
```

ఇక్కడ ఆగి చివరి వరుసను సమీకరణంగా చదవండి: (λ − 5)z = μ − 10. లెక్క మొత్తం ఈ ఒక్క వరుసలోనే ఉంది.

λ విలువ 5 కాకపోతే z ఒక్కటే వస్తుంది. దాన్ని పై వరుసలో వేస్తే y, ఇంకా పైన వేస్తే x. గీతకు ఎడమవైపు సున్న కాని వరుసలు మూడు, మొత్తం మీద కూడా మూడే, చలరాశులూ మూడే. కాబట్టి సాధన ఒకే ఒక్కటి. μ ఎంతైనా ఫర్వాలేదు. చాలామంది ఇక్కడ 'μ ≠ 10' అని కూడా షరతు రాసేస్తారు, అది తప్పు. λ = 7, μ = 10 అయినా సాధన ఉంటుంది, z = 0 వస్తుంది అంతే.

λ = 5 అయితే ఎడమవైపు మూడో వరుస మొత్తం సున్నలే, A ర్యాంకు 2. ఇప్పుడు μ ఏం చేస్తుందో చూడాలి. μ = 7 అనుకోండి, ఆ వరుస `0 0 0 | −3` అవుతుంది. అంటే 0 = −3 అని చెబుతోంది. x, y, z ఏం పెట్టినా అది నిజం కాదు. A ర్యాంకు 2, [A | B] ర్యాంకు 3. ర్యాంకులు వేరైతే సాధన లేదు అనే సూత్రం ఈ వరుసనే ఇంకో రకంగా చెప్పడం. ఒక్క నిలువు వరుస చేర్చినంత మాత్రాన ర్యాంకు మహా అయితే ఒకటి పెరుగుతుంది. అందుకే ఆ రెండు ర్యాంకులూ సమానమైనా కావాలి, ఒకటి తేడా అయినా ఉండాలి, మూడో దారి లేదు.

μ = 10 అయితే మూడో వరుస 0 = 0. రెండు ర్యాంకులూ 2. మూడో సమీకరణం కొత్తగా ఏమీ చెప్పడం లేదన్నమాట: రెండోదాన్ని రెండుతో గుణించి, మొదటిదాన్ని మూడుతో గుణించి తీసేయండి, సరిగ్గా అదే వస్తుంది. చలరాశులు మూడు, ర్యాంకు 2, కాబట్టి 3 − 2 = 1 చలరాశికి మనకు నచ్చిన విలువ ఇచ్చుకోవచ్చు. z = t అంటే y = 3 − 2t, x = −2 + 3t. t ఏదైనా సరే, మూడు సమీకరణాల్లోనూ సరిపోతుంది. ఇక్కడ పోల్చాల్సింది చలరాశుల సంఖ్యతో, సమీకరణాల సంఖ్యతో కాదు. సమీకరణాలు ఐదున్నా, రెండు ర్యాంకులూ 3 అయి చలరాశులు మూడే అయితే సాధన ఒక్కటే. కుడివైపు అన్నీ సున్నలే ఉన్న లెక్కల్లో ర్యాంకులు ఎప్పుడూ సమానమే కాబట్టి, చూడాల్సింది ర్యాంకు చలరాశుల కంటే తక్కువా కాదా అన్నది మాత్రమే.

పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు వేరే ఉంది. నార్మల్ ఫామ్ పాఠంలో నిలువు వరుసల మీద కూడా ఆపరేషన్లు చేస్తాం. అక్కడ అది సరైనదే, ర్యాంకు మారదు. ఆ అలవాటు [A | B] మీదకు తెస్తే కొంప మునుగుతుంది. λ = 5, μ = 7 లెక్కలో C₃ → C₃ + C₄ చేసి చూడండి:

```
1  2   5  |  4
0  1   5  |  3
0  0  −3  | −3
```

ఇప్పుడు ఎడమవైపు ర్యాంకు 3 అయిపోయింది! z = 1, y = −2, x = 3 అని చక్కగా సాధన కూడా వస్తుంది. దాన్ని అసలు మొదటి సమీకరణంలో వేయండి: 3 − 4 + 1 = 0, రావాల్సింది 4. గీత దాటి కుడివైపు సంఖ్యలను z గుణకాల్లో కలిపేశాం కాబట్టి ఇది అసలు లెక్కే కాదు. సమీకరణాల సాధన కావాలంటే అడ్డు వరుసల ఆపరేషన్లే చేయండి. λ ఉన్న వరుసను వీలైనంత కిందకు నెట్టండి. λ ఉన్న దేనితోనైనా భాగించాల్సి వస్తే, అది సున్న అయ్యే విలువను ముందే పక్కన రాసిపెట్టుకుని విడిగా చూడండి.

ఒక మాట ప్రాజెక్టులకు పనికొస్తుంది. కొలిచిన సంఖ్యలతో పనిచేసేటప్పుడు λ కచ్చితంగా 5 రాదు, 5.001 లాంటిది వస్తుంది. కాగితం మీద ర్యాంకు 3, సాధన ఒక్కటే. μ = 10 అయితే x = −2, y = 3, z = 0. అదే μ = 10.01 అయితే x = 28, y = −17, z = 10. కుడివైపు 0.01 తేడాకు జవాబు ఎక్కడికో పోయింది. పైథాన్‌లో ఇలా చూడొచ్చు:

```python
import numpy as np
A = np.array([[1,2,1],[2,5,4],[1,4,5.001]])
np.linalg.matrix_rank(A)            # 3
np.linalg.matrix_rank(A, tol=0.01)  # 2
```

`tol` కంటే చిన్నవైన సింగ్యులర్ విలువలను అది సున్నగా లెక్కేస్తుంది. మీ కొలతల్లో తప్పు ఏ స్థాయిలో ఉందో దాన్నిబట్టి ఆ `tol` మీరే ఇవ్వాలి. రెండోసారి ర్యాంకు తగ్గిందంటే మొదటిసారి వచ్చిన ఆ 'ఒకే ఒక్క సాధన' మీద ఆధారపడకండి, ఇంకో కొలత తీసుకుని నాలుగో సమీకరణం చేర్చండి.