పొజిషన్ హోల్డ్‌లో ఉందన్నారు... మళ్లీ ఎప్పుడు రాయాలి?

బీటెక్ అయ్యి రెండేళ్లయింది. విజయవాడలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ కంపెనీ సెంటర్‌కి అప్లై చేస్తే రెండు రౌండ్లు బాగానే జరిగాయి. ఆగస్టులో 'హైరింగ్ ఫ్రీజ్ వచ్చింది, పొజిషన్ హోల్డ్‌లో ఉంది' అని హెచ్‌ఆర్ మెయిల్ పెట్టారు. మళ్లీ ఎప్పుడు అప్లై చేయాలో అడగొచ్చా? విసిగిస్తున్నానని అనుకుంటారేమోనని భయంగా ఉంది.

అడగండి. కానీ 'ఫ్రీజ్ ఎప్పుడు తీసేస్తారు?' అని అడక్కండి. ఆ సంగతి మీకు మెయిల్ పెట్టిన రిక్రూటర్‌కీ తెలియదు. అది పైన ఫైనాన్స్ వాళ్లు తేల్చేది. తెలియని ప్రశ్న వస్తే ఎవరైనా 'తర్వాత చెబుతాం' అని ఊరుకుంటారు.

రిక్రూటర్ కంప్యూటర్‌లో చూసి చెప్పగలిగిన ప్రశ్న ఒకటుంది. పెద్ద కంపెనీల్లో ప్రతి ఖాళీకీ ఒక రిక్విజిషన్ నంబర్ ఉంటుంది. ఫ్రీజ్ వస్తే కొన్నిటిని హోల్డ్‌లో పెడతారు, కొన్నిటిని పూర్తిగా క్లోజ్ చేస్తారు. హోల్డ్‌లో ఉంటే మామూలుగా మీ అప్లికేషన్, రౌండ్ల ఫీడ్‌బ్యాక్ అలాగే ఉంటాయి. క్లోజ్ అయితే కొత్త నంబర్ మీద మళ్లీ అప్లై చేయాలి. అదే అడగండి. పాత మెయిల్‌కే రిప్లై కొట్టండి, కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు. ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇంతే ఉండాలి:

'ఫలానా నంబర్ పొజిషన్‌కి జులైలో రెండు రౌండ్లు అయ్యాయి. పరిస్థితి అర్థమైంది. ఆ రిక్విజిషన్ హోల్డ్‌లోనే ఉందా, క్లోజ్ అయిందా? క్లోజ్ అయితే మళ్లీ అప్లై చేసినప్పుడు ఆ రౌండ్లు లెక్కలోకి వస్తాయా? జనవరి చివర్లో ఒకసారి పలకరిస్తాను, అంతకుముందు రాస్తే బాగుంటుందనుకుంటే చెప్పండి.'

జనవరి అని ఊరికే అనలేదు. కొత్త నియామకాలకు డబ్బు ఎక్కువగా కొత్త బడ్జెట్‌తోనే వస్తుంది. చాలా అమెరికన్ కంపెనీలకు లెక్కల సంవత్సరం జనవరితో మొదలవుతుంది. అయితే అందరికీ కాదు: మైక్రోసాఫ్ట్‌ది జులై, సేల్స్‌ఫోర్స్‌ది ఫిబ్రవరి. మన ఐటీ కంపెనీలది ఏప్రిల్. మీ కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్టయి ఉంటే, దాని వార్షిక నివేదిక మొదటి పేజీలోనే లెక్కల సంవత్సరం ఏ తేదీతో ముగుస్తుందో ఉంటుంది. దాన్ని బట్టి పై మెయిల్‌లో నెల మార్చుకోండి. కొత్త సంవత్సరం మొదలైన రోజే పోస్టులు తెరుచుకోవు. టీముల వారీగా పంచడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మొదటి వారం కాదు, నెల చివర.

ఈలోగా ఊరుకోవాలా అంటే, ఒక్క మెయిల్‌కి చోటుంది. అదీ చెప్పడానికి ఏదైనా ఉంటేనే. ఐఎస్‌టీక్యూబీ పాసయ్యారనుకోండి, లేదా ఇప్పటిదాకా చేత్తో చేస్తున్న రిగ్రెషన్ టెస్టులను సెలీనియంలోకి మార్చారనుకోండి. రెండు వాక్యాలు రాసి, కొత్త రెజ్యూమె జతచేసి, ఏ ప్రశ్నా అడక్కుండా ముగించండి. జవాబివ్వాల్సిన పని లేని మెయిల్ ఎవరికీ విసుగనిపించదు. 'ఏమైనా అప్‌డేట్ ఉందా అండీ' అని వారం వారం వచ్చేదే విసుగు. పండగ శుభాకాంక్షల ఫార్వర్డులు కూడా ఆ ఖాతాలోవే.

అసలు విసిగించడం మెయిళ్లతో కాకుండా ఇంకోచోట జరుగుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి, ఫ్రీజ్ అనగానే అదే కంపెనీ సైట్‌లో కనిపించిన ప్రతి పోస్టుకీ అప్లై చేసింది: టెస్టింగ్, సపోర్ట్, డేటా, ఆఖరికి హెచ్‌ఆర్ ఇంటర్న్ కూడా. రిక్రూటర్‌కి అవన్నీ ఒకే పేరు కింద వరసగా కనిపిస్తాయి. ఈమెకి ఏం కావాలో ఈమెకే తెలియదన్న అభిప్రాయం అక్కడే పడిపోయింది. ఇంకో నష్టమూ ఉంది. చాలా కంపెనీల్లో మీ ప్రొఫైల్ ఒకసారి సిస్టమ్‌లోకి వెళ్తే, కొన్ని నెలలపాటు ఎవరైనా మీకు రెఫరల్ ఇచ్చినా లెక్కలోకి రాదు. సైట్‌లో జాబ్ అలర్ట్ పెట్టుకుని, మీ పనికి సరిపోయేది వచ్చినప్పుడే కదలండి.

రెండో రౌండ్ తీసుకున్న మేనేజర్‌కి లింక్డ్‌ఇన్‌లో ఒక రిక్వెస్ట్ పెట్టండి. ఇంటర్వ్యూలో మాట్లాడుకున్న విషయం ఒకటి గుర్తుచేస్తే చాలు, ఉద్యోగం మాట ఎత్తొద్దు. ఫ్రీజ్‌లో కూడా, టీమ్‌లో ఎవరైనా మానేస్తే ఆ స్థానం నింపడానికి చాలాచోట్ల ప్రత్యేక అనుమతి దొరుకుతుంది. అది తెచ్చుకునేది మేనేజరే, అప్పుడు గుర్తురావాల్సింది మీ పేరు. పైగా ఫ్రీజ్ సమయంలో రిక్రూటర్లే కొందరు మారిపోతుంటారు. జనవరి మెయిల్ బౌన్స్ అయితే, ఇప్పుడు ఉన్నది ఎవరో అడగడానికి మీకు మిగిలేదీ ఆయనే.

జనవరిలో రాసినదానికి జవాబు రాకపోతే మార్చి మొదట్లో ఒక్కసారి రాయండి. దానికీ రాకపోతే ఆ మనిషికి ఇక రాయొద్దు, అలర్ట్ మాత్రం ఉంచండి. ఆ రెండు మెయిళ్లలోనూ మీ నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో తప్పక రాయండి. ఫ్రీజ్ తీసిన వెంటనే మేనేజర్లు త్వరగా చేరగలిగేవాళ్లనే ముందు చూస్తారు. అలాగని ఆఫర్ లెటర్ చేతికి రాకముందే ఇక్కడ రాజీనామా పెట్టకండి.