ఆ రెండు ఉత్తరాలూ పంపొద్దు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ, దానితోపాటు మీ బడిలో ఏడో తరగతి పిల్లవాడి తల్లికి రాసిన ఉత్తరం అందాయి. కథ బాగుంది, దాని సంగతి మరోసారి రాస్తాను. ఉత్తరం గురించి మాత్రం ఈ రాత్రే రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొదట నువ్విలా రాశావు: "మీ అబ్బాయి క్రమశిక్షణ లేకుండా ప్రవర్తిస్తున్నాడు. తోటి పిల్లల్ని వేధిస్తున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా మార్పు లేదు. ఇలాగే ఉంటే బడి నుంచి పంపించేయాల్సి వస్తుంది. ఇంట్లో కాస్త శ్రద్ధ పెట్టగలరు." హెడ్మాస్టరు గారు మెత్తగా రాయమన్నారని తర్వాత ఇలా మార్చావు: "మీ అబ్బాయి చాలా చురుకైనవాడు. ఒక్కోసారి ఆ చురుకుదనం వల్ల తోటివారికి కొద్దిగా ఇబ్బంది కలుగుతోంది. మీ సహకారంతో ఇంకా బాగా రాణిస్తాడని నమ్ముతున్నాం."

రెంటిలో ఏది పంపమంటారని అడిగావు. రెండూ వద్దు. మొదటిది ఆ తల్లిని అవమానిస్తుంది, రెండోది ఆమెకు అబద్ధం చెబుతుంది. ఆ రెండో ఉత్తరం అందుకున్న తల్లి సంతోషపడి పక్కింటావిడకు కూడా చూపిస్తుంది. నెల తిరిగేసరికి గొడవ పెద్దదై ఆమెను బడికి పిలిస్తే, "చురుకైనవాడని మీరే రాశారుగా" అంటుంది. అప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు.

రెంటిలోనూ లోపం ఒకటే. పిల్లవాడు ఏం చేశాడో ఎక్కడా లేదు. నాకు విడిగా రాసిన కాగితంలో మాత్రం అంతా ఉంది. సోమవారం తెలుగు పీరియడ్‌లో నత్తి ఉన్న పిల్లవాడు పాఠం చదువుతుంటే వీడు అలాగే నత్తిగా పలికాడు, క్లాసంతా నవ్వింది. బుధవారం మధ్యాహ్న భోజనం వరసలో ఆ పిల్లవాణ్ణే తోస్తే పళ్ళెం కిందపడి, మోచెయ్యి గీరుకుపోయింది. తల్లికి కావలసింది ఇది. నాకు రాయగలిగిన మాట ఆమెకెందుకు రాయలేకపోయావు?

మా నాన్న మగ్గం నేసేవాడు, చదువు రాదు. నా గురించి బడి నుంచి ఓసారి చీటీ వస్తే నేనే చదివి వినిపించాను. "మీ కుర్రవాడు దారి తప్పుతున్నాడు, జాగ్రత్త" అని ఉంది. నాన్న మగ్గం ఆపి, "ఏం చేశావురా?" అన్నాడు. చీటీ అటూ ఇటూ తిప్పి చూశాను, అందులో ఆ సంగతి లేదు. నాకూ తెలియదు. నాన్న ఆ రాత్రంతా ఏవేవో ఊహించుకున్నాడు. వాటిలో ఒక్కటీ నేను చేసింది కాదు.

కథ రాసేటప్పుడూ నేను పట్టుకు వేలాడింది దీన్నే. చూసింది రాయాలి, దాని మీద తీర్పు రాయకూడదు. దీనికోసం పత్రికల వాళ్ళతో ఎన్ని తగువులు పడ్డానో! ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో పిల్లవాడు చేసిన పని తాలూకు పేరా మొత్తం కొట్టేసి, దాని బదులు "అల్లరి పిల్లవాడు" అని రెండు మాటలు పెట్టి అచ్చేశాడు. ఇప్పటికీ మండుతుంది. ట్రైనింగుల్లో ఇంకో ఫ్యాషన్ వచ్చింది. ముందు పొగడాలట, నడుమ ఫిర్యాదు దూర్చాలట, చివర మళ్ళీ పొగడాలట. పొలం పనిచేసే తల్లికి ఈ ఎత్తు తెలియదనుకుంటున్నారు. మొదటి పొగడ్త వినగానే ఆమెకు గుండె దడ మొదలవుతుంది, తర్వాత ఏం రాబోతోందోనని.

నేనైతే ఇలా రాస్తాను:

"అమ్మా, నమస్కారం. సోమవారం తెలుగు పీరియడ్‌లో తోటి పిల్లవాడు పాఠం చదువుతుంటే మీ అబ్బాయి అతని నత్తిని అనుకరించాడు. ఇది నేను చూశాను. బుధవారం భోజనాల దగ్గర ఆ పిల్లవాణ్ణి తోశాడని పిల్లలు చెప్పారు. నేను చూడలేదు. అడిగితే, తోసిన మాట నిజమేననీ, ముందు అతనే తనను తిట్టాడనీ మీ అబ్బాయి చెప్పాడు. ఆ పిల్లవాడి పళ్ళెం కిందపడింది, మోచెయ్యి గీరుకుపోయింది, మందు రాశాం. తర్వాత మీ అబ్బాయే వెళ్ళి ఆ పళ్ళెం కడిగి తెచ్చిచ్చాడు. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. రెండు మూడు వారాలుగా మీ అబ్బాయి ఇలా ఉంటున్నాడు, అంతకుముందు లేదు. ఇంట్లో ఏమైనా గమనించారేమో మీతో మాట్లాడి తెలుసుకోవాలని ఉంది. కొట్టమనో తిట్టమనో ఇది రాయడం లేదు. మీరు పని నుంచి వచ్చాక ఏ సాయంత్రమైనా ఫోన్ చేయండి, లేదా ఆదివారం వీలైతే నేనే మీ ఇంటికి వస్తాను."

చూసినదీ విన్నదీ వేరుగా పెట్టాను. ఆ తేడా చెప్పకపోతే, తల్లి వెళ్ళి ఎవర్నో అడిగి ఒక్క వివరం తప్పని తేల్చుకుంటే చాలు, మిగతా ఉత్తరమంతా అబద్ధమైపోతుంది. పిల్లవాడు చెప్పుకున్న కారణం కూడా ఉంచాను. అది తప్పుకు మాఫీ కాదు, వాడి మాట కూడా విన్నారని ఆ తల్లికి తెలియాలి. పళ్ళెం కడిగిన సంగతి పొగడ్త కోసం పెట్టలేదు, జరిగింది కనుక పెట్టాను. జరగకపోతే ఆ వాక్యం ఉండేది కాదు.

రెండో పిల్లవాడి పేరు రాయలేదు. పల్లెటూళ్ళో అది ఎలాగూ తెలిసిపోతుంది, కానీ బడి కాగితం మీద ఉంటే రెండిళ్ళ మధ్య పత్రంలా తిరుగుతుంది.

బడి నుంచి పంపించేస్తామన్న బెదిరింపు పూర్తిగా తీసేశాను. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు. చేయలేని పని చేస్తామని రాస్తే అది కూడా అబద్ధమే. పైగా ఆ తల్లికి చట్టం తెలియకపోతే భయపడి ఆ రాత్రి పిల్లవాణ్ణి చావబాదుతుంది. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టొద్దని మనకు చెబుతుంది. మన ఉత్తరం చేత ఇంట్లో కొట్టిస్తే మనం చేసినట్టు కాదా? అందుకే "కొట్టమనో తిట్టమనో" అన్న వాక్యం తీసేయొద్దు.

"ఇంట్లో కాస్త శ్రద్ధ పెట్టగలరు" అన్నావే, నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. ఆమె మిరప కోతలకు తెల్లారకముందే వెళ్ళి చీకటి పడ్డాక వస్తుందని నువ్వే రాశావు. ఆమెకు లేనిది శ్రద్ధ కాదు, సమయం. పగలు పదకొండింటికి బడికి రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది. ఆమె వీలు అడిగితే మర్యాద దానంతట అదే వస్తుంది, వేరే గౌరవ వాచకాలు అక్కర్లేదు.

ఇక పంపడం. డైరీలో రాసి పిల్లవాడి చేతికివ్వకు, దారిలో పదిమంది చదువుతారు. తరగతి వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకు. కవరు అంటించి పంపు. ఆమెకు చదవడం వచ్చో రాదో ముందే కనుక్కో. రాకపోతే ఇంట్లో చదివేది ఆ పిల్లవాడే. తన తప్పు తానే చదివి, మధ్యలో రెండు వాక్యాలు మింగేస్తాడు. అప్పుడు ఉత్తరం మానేసి ఇదే వరసలో, ఇవే మాటలతో నువ్వే ఫోన్‌లో చెప్పు. తారీఖు వేసి ఒక నకలు నీ దగ్గర ఉంచుకో. వారంలోగా ఆమె నుంచి ఏ మాటా రాకపోతే ఇంకో ఉత్తరం రాయకు, ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళు.

మీ మాస్టారు