'బాగున్నాను'కీ 'బాగానే ఉన్నాను'కీ చాలా తేడా ఉంది

ప్రశ్న: ఎవరైనా కనిపించి "బాగున్నారా" అంటే నిజం చెప్పాలా, బాగున్నానని వదిలేయాలా? ఎంతవరకు చెప్పొచ్చు?

ఎదుటివాళ్ళు నడుస్తూ అడిగితే "ఆఁ బాగున్నామండి, మీరు?" అనేసి మనమూ నడవడమే. మన దగ్గర ఒక్కరినే అడిగినా జవాబు ఇంటిల్లిపాదికీ కలిపి "బాగున్నాం" అని వస్తుంది చూడండి, అసలు అది నా ఆరోగ్యం గురించిన ప్రశ్నే కాదు. అమ్మగారు బాగున్నారా, పిల్లలేం చదువుతున్నారు అని ఒక్కొక్కళ్ళ హాజరు వేసుకోవడం, అంతే. అడిగినవాళ్ళు నిలబడి, "ఏంటి అలా ఉన్నావు" అని రెండోసారి అడిగితే అప్పుడు నిజంగా అడుగుతున్నట్టు.

మరీ దాచుకోలేకపోతే మనకో సదుపాయం ఉంది. "బాగున్నాను" అంటే తలుపేసినట్టు. "బాగానే ఉన్నాను" అంటే గడియ తీసి ఉంచినట్టు. ఆ 'నే' వినపడ్డవాడు "అదేంటి, అలా అన్నారు?" అంటాడు, అప్పుడు చెప్పుకోవచ్చు. వినపడనివాడికి చెప్పినా దండగే. నేనైతే ఇదే రూలు పెట్టుకున్నా, ఇప్పటిదాకా ఫెయిలవలేదు, ఒక్కచోట తప్ప.

ఆ ఒక్కచోటు డాక్టరు గది.

మా నాన్న రిటైరైన మాస్టారు, పన్నెండేళ్ళుగా షుగరు. మూడు నెలలకోసారి కాకినాడ తీసుకెళ్తా. కిందటేడాది వేసవిలో పొద్దున్న ఎనిమిదింటికి టోకెన్ తీసుకుంటే పదకొండున్నరకి పిలిచారు (అపాయింట్‌మెంట్ టైము అని ఒకటి ఇస్తారు కదా, అదెందుకో నాకు ఈరోజుకీ అర్థం కాదు). లోపలికెళ్ళగానే డాక్టరుగారు రిపోర్టు చూస్తూ "ఏం మాస్టారూ, ఎలా ఉన్నారు?" అన్నారు. మా నాన్న చేతులు జోడించి "మీ దయవల్ల బాగానే ఉన్నానండి" అన్నాడు. ఆయన తలూపి పాత మందులే మళ్ళీ రాయడం మొదలెట్టారు.

నాకా 'నే' టక్కున తగిలింది. బయట చెప్పులు విప్పేటప్పుడు కుడి చెప్పు లోపల తడిమరక కనపడింది కూడా, నీళ్ళేమో అనుకున్నా. "నాన్నా, ఓసారి కాలు చూపించు" అన్నా. "ఏం లేదురా, చెప్పు కరిచింది" అంటాడు. కాలు పైకెత్తితే బొటనవేలి కింద అర్ధరూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ తెల్లగా నానిపోయి ఉంది. నొప్పి లేదా అంటే లేదట. అసలు భయం అదేనట, డాక్టరుగారే చెప్పారు: చాలా ఏళ్ళ షుగరుకి పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, మేకు గుచ్చుకున్నా తెలీదు, నొప్పి లేదు కదాని నడుస్తూనే ఉంటారు, పుండు లోపలికి పోతుంది. కళ్ళు మూసుకోమని ప్లాస్టిక్ దారంలాంటిది అరికాలికి అక్కడక్కడా ఆనించి "తగిలిందా?" అని అడిగారు. ఎడమకాలికి దాదాపు అన్నిచోట్లా తగిలిందన్నాడు. కుడికాలి వేళ్ళ దగ్గర నాలుగుసార్లు ఆనించినా మా నాన్న "ఎప్పుడు మొదలెడతారండి?" అంటున్నాడు.

ఎన్నాళ్ళైందని అడిగితే మూడు వారాలు. మరి ముందే చెప్పలేదేం అంటే "ఆయన బాగున్నారా అన్నారు, మర్యాదకి ఏదో అన్నాను" అంటాడు. తప్పు ఆయనదొక్కడిదే అనను, మనం పుట్టినప్పటి నుంచి వింటున్న జవాబది, నోరు దానంతటదే అనేస్తుంది.

ఇంకా వినండి. కట్టు కట్టించుకుని బయటికొచ్చి టిఫిన్ బండి దగ్గర ఆగాం. పాత పరిచయస్తుడు ఒకాయన స్కూటర్ మీదే కాలు ఆన్చి "మాస్టారూ బాగున్నారా?" అన్నాడు. అంతే, పుండు సైజు, రంగు, దారం, ప్రిస్క్రిప్షన్‌లో మందుల పేర్లు, పాపం ఆయన ఇంజన్ ఆపేసి ఇరవై నిమిషాలు విన్నాడు. నా పెసరట్టు చల్లారిపోయింది. డాక్టరుకి ఒక్క ముక్క, స్కూటరాయనకి పూర్తి కథ!

అన్నట్టు, పదేళ్ళ తర్వాత వాట్సాప్‌లో "హాయ్, ఎలా ఉన్నావ్" అని పెట్టేవాళ్ళకి అసలు జవాబే ఇవ్వకండి, రెండో మెసేజ్‌లో పాలసీయో అప్పో ఉంటుంది.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచి ఆస్పత్రికి వెళ్ళేముందు రాత్రి ఒక చీటీ రాస్తున్నా: ఏం ఇబ్బంది, ఎప్పట్నుంచి, ఎక్కడ, రోజులో ఎప్పుడు ఎక్కువ, ఏ మందు మానేశాడు. మానేసినవి ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి, అవి మా అమ్మ పక్కనుంచి చెప్తుంది. మొన్న వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఎప్పట్లాగే ఎలా ఉన్నారన్నారు. మా నాన్న "బాగున్నానండి" అని, జేబులోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాడు.